విషయం: 48 పోర్టుల స్విచ్‌లో 25 నుంచి 32 పోర్టులు కలిసి పడిపోతున్నాయి, స్విచ్ మార్చి ఇవ్వండి

సపోర్ట్ టీమ్‌కి నమస్కారం,

మా ఆఫీసు రెండో అంతస్తు ర్యాక్‌లో ఉన్న మీ 48 పోర్టుల పీఓఈ స్విచ్ పాడైంది. కొని పద్నాలుగు నెలలైంది, వారంటీ ఇంకా ఉంది. సీరియల్ నంబరు కనిపించేలా వెనక స్టిక్కర్ ఫోటో, కొన్న బిల్లు జత చేశాను.

సమస్య ఇది. 25 నుంచి 32 వరకు ఉన్న ఎనిమిది పోర్టుల లింక్ ఒకే క్షణంలో పోతుంది. పది పన్నెండు సెకన్లకు ఒక్కోటీ తిరిగి వస్తుంది, మళ్లీ పోతుంది. మిగతా నలభై పోర్టులకు ఏమీ కాదు. మార్చి 9న మొదలైంది, మొదట్లో రోజుకు రెండు మూడు సార్లు అయ్యేది, ఇప్పుడు గంటకు నాలుగైదు సార్లు అవుతోంది. నిన్న ర్యాక్ ముందు నిలబడి చూశాను, ఆ ఎనిమిది పచ్చ లైట్లూ ఒక్కసారిగా ఆరిపోయాయి, పక్కనే ఉన్న 24, 33 మాత్రం మామూలుగా మిణుకుతూనే ఉన్నాయి. ఆ పోర్టుల్లో ఉన్న ఐపీ ఫోన్లు ఆఫ్ కావడం లేదు, డిస్‌ప్లే వెలుగుతూనే ఉంటుంది, నెట్‌వర్క్ లేదని మాత్రం చూపిస్తాయి. అంటే కరెంటు అందుతోంది, డేటా లింకే తెగుతోంది. అందుకే పీఓఈ వైపు అనుమానం పెట్టుకోలేదు, పైగా 740 వాట్లలో మేం వాడుతున్నది 118 మాత్రమే.

లాగ్‌లో ఇలా కనిపిస్తోంది:

```
Mar 17 11:42:08 port 1/0/25 link down
Mar 17 11:42:08 port 1/0/26 link down
Mar 17 11:42:08 port 1/0/27 link down
...
Mar 17 11:42:08 port 1/0/32 link down
Mar 17 11:42:19 port 1/0/27 link up
```

టైమ్ ఎన్‌టీపీతో సింక్ అయ్యే ఉంది కాబట్టి ఈ సెకన్లను నమ్మొచ్చు. కౌంటర్లు జీరో చేసి ఒక రోజంతా వదిలేస్తే 25వ పోర్టులో 18,406 ఎఫ్‌సీఎస్ ఎర్రర్లు వచ్చాయి, ఆ గుంపులోని మిగతా ఏడింటిలోనూ వేలల్లోనే ఉన్నాయి. 1 నుంచి 24 వరకు ఒక్కటి కూడా లేదు.

మీరు ఎలాగూ అడుగుతారు కాబట్టి చేసినవన్నీ చెప్పేస్తున్నాను. కేబుళ్లు మార్చాం. అవే ఫోన్లను అవే కేబుళ్లతో 9 నుంచి 16 పోర్టుల్లోకి మారిస్తే రెండు రోజులు ఒక్క డ్రాప్ కూడా రాలేదు. ఫర్మ్‌వేర్ కొత్తది వేశాం, తర్వాత పాతదానికి వెనక్కి వెళ్లాం, తేడా లేదు. పవర్ సప్లై స్పేర్‌తో మార్చి చూశాం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లోపలి సెన్సర్ 43 డిగ్రీలు చూపిస్తోంది. చివరికి ఆదివారం ఎవరూ లేనప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అప్‌లింక్ కూడా తీసేసి, 25లో ఒక ల్యాప్‌టాప్, 30లో ఇంకొకటి మీటరు కేబుళ్లతో నేరుగా పెట్టి ఒకదాన్నుంచి ఇంకొకదానికి పింగ్ నడిపాం. నలభై నిమిషాలకే రెండు లింకులూ ఒకే సెకనులో పోయాయి. ఇక కాన్ఫిగరేషన్‌ని గానీ, మా కేబులింగ్‌ని గానీ అనడానికి ఏం మిగల్లేదు.

ఇంకో సంగతి కూడా గమనించాం. మామూలు రీబూట్ వల్ల ఏ లాభమూ లేదు. కానీ ప్లగ్ తీసేసి పది నిమిషాలు చల్లారనిస్తే ఐదారు గంటలు బాగానే నడిచి మళ్లీ మొదలవుతోంది. ఎనిమిదేసి పోర్టులకు ఒకే ఫై చిప్ ఉండడం చాలా స్విచ్‌ల్లో మామూలే కాబట్టి ఆ చిప్పో, దాని సోల్డరింగో పోయిందని నా అంచనా. లోపల తెరిచి చూడలేదు, సీల్ అలాగే ఉంది.

జత చేసినవి: పూర్తి టెక్ సపోర్ట్ ఫైల్ (ఒకటి బాగా నడుస్తున్నప్పుడు, ఒకటి డ్రాప్ అయిన రెండు నిమిషాల్లో తీసింది), తొమ్మిది రోజుల సిస్‌లాగ్, ఆదివారం పింగ్ రికార్డు, లైట్లు ఆరిపోయే వీడియో. రెండు ఫైళ్లనూ పోల్చి చూడండి, తేడా అక్కడే తెలుస్తుంది.

మాకు కావాల్సింది రీప్లేస్‌మెంట్, అది కూడా ముందు కొత్తది పంపి తర్వాత పాతది తీసుకెళ్లే పద్ధతిలో. ఆ ఎనిమిది పోర్టులను వాడకుండా వదిలేసి, ఉన్న ఖాళీ పోర్టుల్లో సర్దుకున్నాం, ఇక ఒక్కటి కూడా ఖాళీ లేదు. ఈ లోపం ఇంకో గుంపుకు పాకితే ఫోన్లు ఎక్కడ పెట్టాలో తెలియదు, ఆ టెన్షన్‌తోనే రోజూ ర్యాక్ దగ్గరికి వెళ్తున్నాను. రిపేరు చేసి అదే స్విచ్ తిరిగి పంపుతామంటే వద్దు, వేడెక్కాక మాత్రమే బయటపడే లోపం మీ టేబుల్ మీద అరగంట టెస్ట్‌లో దొరకకపోవచ్చు.

అదే మోడల్, అదే హార్డ్‌వేర్ రివిజన్ అయితే మా స్టాక్‌లోని స్పేర్ పవర్ సప్లై పనికొస్తుంది. కాన్ఫిగ్ బ్యాకప్ మా దగ్గర ఉంది, పాతది పంపే ముందు పూర్తిగా చెరిపేస్తాం.

ఇంకేదైనా లాగ్ కావాలంటే కమాండ్ రాసి పంపండి, అదే రోజు తీసి ఇస్తాను. రిమోట్‌లో చూడాలంటే సాయంత్రం ఆరు తర్వాత వీలవుతుంది. చేసిన పరీక్షలనే మళ్లీ మొదటి నుంచి చేయమనకుండా రీప్లేస్‌మెంట్ నంబరు, స్విచ్ ఎప్పుడు బయలుదేరుతుందో ఈ మెయిల్‌కే రిప్లై ఇవ్వండి.

ఇట్లు,
నెట్‌వర్క్ అడ్మిన్, రెండో అంతస్తు ఐటీ టీమ్