'లక్క' డాక్యుమెంటరీ: విడుదలకు ముందు హక్కులు, అనుమతుల షీట్

నిడివి: 52 నిమిషాల 18 సెకన్లు. ఎడిట్: `LAKKA_LOCK_v7`. షీట్ తేదీ: 2025 అక్టోబర్ 27. ఓటీటీకి ఫైల్ అందించాల్సిన రోజు: నవంబర్ 10. రాసింది: పోస్ట్ ప్రొడక్షన్ సూపర్‌వైజర్, ప్రొడక్షన్ మేనేజర్.

టైమ్‌కోడ్‌లన్నీ v7వే. v6 ప్రింటవుట్ ఎవరి దగ్గరైనా ఉంటే చించేయండి, అందులో 20వ నిమిషం తర్వాత అన్నీ 11 సెకన్లు తేడా. ఈ షీట్ వాట్సాప్‌లో తిరుగుతుంది కాబట్టి హక్కుదారుల పేర్లు వేయలేదు, అవి ఒప్పందాల ఫోల్డర్‌లో ఇవే నంబర్ల కింద ఉన్నాయి. సంతకమైన కాగితం, డబ్బు కట్టిన రసీదు, ఫోల్డర్‌లో స్కాన్ కాపీ, మూడూ ఉంటేనే 'క్లియర్'. ఫోన్లో "కానివ్వండి" అన్నది పెండింగే.

సంగీతం

మ్యూ-1. 00:00:00 నుంచి 00:02:10. టైటిల్ సంగీతం, మనం చేయించుకున్నదే. ఒప్పందం మొదటి డ్రాఫ్టులో కాలవ్యవధి, ప్రాంతం రెండూ రాయలేదు. రాయకపోతే కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం 5 ఏళ్లు, భారతదేశం వరకే ఇచ్చినట్టు లెక్క. 'ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంత కాలం' అని మార్చి కొత్తగా సంతకాలు చేయించాం. 2012 సవరణ తర్వాత సంగీత దర్శకుడి రాయల్టీ వాటాను రాయించేసుకునే వీల్లేదు, ఆ క్లాజు కొట్టేశాం. సారంగి, దఫ్ వాయించినవాళ్ల సంతకాలు వచ్చాయి. ఢోలక్ కళాకారుడిది రాలేదు. పెండింగ్, అక్టోబర్ 31లోగా.

మ్యూ-2. 00:09:41 నుంచి 00:10:26. దుకాణం రేడియోలో పాత సినిమా పాట, 45 సెకన్లు. తీసేయాలి. "1963 నాటి పాట కదా, ఫ్రీయే" అన్న మాట టీమ్‌లో తిరుగుతోంది. అందులో సగమే నిజం. రికార్డింగు మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు, అది 2023 చివరితో ముగిసింది. సాహిత్యం లెక్క వేరు, రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఈ పాట రాసినాయన పోయింది 1984లో, అంటే 2044 చివరిదాకా హక్కు బతికే ఉంది. హక్కుదారు 5 ఏళ్ల ఓటీటీకి అడిగింది 1,75,000 రూపాయలు. సంగీతం పద్దులో మిగిలింది 40,000. సౌండ్ తగ్గిస్తే సరిపోదు, మాటల కింద సన్నగా ఉన్నా కంటెంట్ ఐడీ పట్టేస్తుంది. దుకాణదారు మాట, పాట ఒకే మైకులో పడ్డాయి, విడదీస్తే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది. అదే రోజు రేడియో ఆపేశాక ఆయన ఇదే సంగతి మళ్లీ చెప్పాడు. ఆ టేక్ వేయండి, రంగు కొంచెం తేడా వస్తుంది, గ్రేడింగ్‌లో సరిపోతుంది.

మ్యూ-3. 00:31:05 నుంచి 00:31:27. మల్కాజిగిరి ఇంట్లో సీమంతం, గాజులు తొడుగుతూ పెద్దావిడ అన్నమయ్య కీర్తన పాడతారు. సాహిత్యం 15వ శతాబ్దానిది, దానికి అడ్డు లేదు. చిక్కు బాణీతో. ఆవిడ పాడింది క్యాసెట్ల కాలంలో ఒకరు కట్టిన వరస, దానికి హక్కుంది. త్యాగరాజ కీర్తన సంప్రదాయ వరసలో పాడి ఉంటే ఈ తలనొప్పి ఉండేది కాదు. ఆమే పాడిన దంపుడు పాట రషెస్‌లో ఉంది, 26 సెకన్లు. దాన్ని వేశాం, సంతకమూ తీసుకున్నాం. క్లియర్.

మ్యూ-4 నుంచి 7. లైబ్రరీ ట్రాకులు. ఎడిటర్ సొంత సబ్‌స్క్రిప్షన్ మీద దిగాయి, అంటే లైసెన్సు ఆయన పేరిట, అదీ వెబ్ వాడకానికే. సంస్థ ఖాతా నుంచి ఓటీటీ ప్లాన్ కొని నాలుగూ మళ్లీ డౌన్‌లోడ్ చేశాం, ఇన్వాయిస్ సంస్థ పేరిట ఉంది. మ్యూ-6 ట్రైలర్‌లోనూ ఉంది. మన యూట్యూబ్ ఛానెల్‌ను వాళ్ల వైట్‌లిస్టులో చేర్పించాకే ట్రైలర్ ఎక్కించాలి, లేకపోతే డబ్బు కట్టిన ట్రాకుకే క్లెయిమ్ పడుతుంది.

స్టాక్ ఫుటేజ్

స్టా-1. 00:03:15, రాత్రి చార్మినార్, పైనుంచి, 6 సెకన్లు. లైసెన్సు 'ఎడిటోరియల్'. డాక్యుమెంటరీలో పరవాలేదు. స్పాన్సర్ లోగోతో వెళ్లే ప్రోమోలో మాత్రం ఈ షాట్ కనిపించకూడదు.

స్టా-2. 00:14:02, పాత బస్తీ నలుపు తెలుపు ఫుటేజ్. ఫిల్మ్స్ డివిజన్ 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో కలిసింది కాబట్టి బిల్లు, క్రెడిట్ లైను రెండూ ఆ పేరుతోనే. వాడిన సెకన్లను బట్టి బిల్లు. 38 సెకన్లకు కట్టాం, v7లో 41 ఉంది. మూడు సెకన్లు కోయండి. 00:14:29 దగ్గర వాటర్‌మార్క్ ప్రివ్యూనే ఉండిపోయింది, అసలు క్లిప్పు పెట్టాలి.

స్టా-3. వికీమీడియా ఫొటో, సీసీ బీవై-ఎస్ఏ. షేర్ అలైక్ షరతు మన సినిమాకు ఎంతదాకా పాకుతుందో లాయర్‌తో వాదించుకుంటూ కూర్చునే కంటే ఫొటో మార్చడం సులువు. సీసీ జీరో ఫొటో వేశాం. క్లియర్.

స్టా-4. లక్క పురుగుల మాక్రో, రెండు క్లిప్పులు. లైసెన్సు సరే. నేరేషన్‌లో జార్ఖండ్ అంటున్నాం, క్లిప్పు వివరాల్లో థాయ్‌లాండ్ అని ఉంది. దాని మీద ఊరి పేరు పడకుండా నేరేషన్ ముందుకు జరపాలి.

లొకేషన్లు

లొ-1. లాడ్ బజార్ రోడ్డు. పోలీసు, ట్రాఫిక్ అనుమతి మూడు రోజులు, ఉదయం 5 నుంచి 9 వరకే. రెండో రోజు కెమెరా ఫైళ్లలో 9:40 నాటి షాట్లు రెండున్నాయి (00:06:12, 00:27:50). ఆ సమయానికి మనకు కాగితం లేదు. మార్చాలి. గోడ మీది పెద్ద బొమ్మకు అనుమతి అక్కర్లేదు, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న కళాకృతిని సినిమాలో చూపించడానికి 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. పక్కనున్న సినిమా పోస్టర్‌కు ఆ వెసులుబాటు లేదు, బ్లర్.

లొ-2. చార్మినార్. 1591 నాటి కట్టడం, కాపీరైట్ ప్రశ్నే లేదు. కానీ అది పురావస్తు శాఖ రక్షణలో ఉంది, లోపల షూటింగ్‌కు వాళ్ల అనుమతి కావాలి. రోడ్డు మీంచి తీసినవి లొ-1లోకే వస్తాయి. 00:41:33 దగ్గరిది పై అంతస్తు నుంచి ఫోన్‌తో తీసింది, 12 సెకన్లు. ఎంత బాగున్నా సరే, తీసేయాలి.

లొ-3. గాజుల కార్ఖానాలు, రెండు. అద్దెకున్నవాళ్లు సంతకం చేశారు. మొదటి భవనం యజమానిది వచ్చింది, రెండోది పెండింగ్. పనివాళ్ల రిలీజ్ ఫారాలు ఉర్దూలో చదివి వినిపించాకే సంతకాలు తీసుకున్నాం. 00:22:08లో పొయ్యి దగ్గర ఓ కుర్రాడున్నాడు, వయసు 15 అంటున్నారు. తండ్రి సంతకంతో తేలే విషయం కాదిది. ఆ షాట్ ఉండదు.

లొ-4. మెట్రో రైలు లోపల, 8 సెకన్లు. నిర్వాహక సంస్థ లేఖ ఉంది, వెనక ప్రకటనల బోర్డులు బ్లర్. క్లియర్.

లొ-5. మూసీ మీద డ్రోన్. పైలట్ సర్టిఫికెట్, డ్రోన్ రిజిస్ట్రేషన్ నంబరు అందాయి. ఎగరేసిన రోజు డిజిటల్ స్కైలో ఆ చోటు ఏ జోన్‌లో చూపించిందో స్క్రీన్‌షాట్ అడిగితే లేదన్నారు. షాట్ పక్కన పెట్టాం.

లొ-6. మల్కాజిగిరి ఇల్లు. ఇంటివాళ్ల అనుమతి ఉంది. ఫ్రేములో ఉన్న 14 మంది ఆడవాళ్లలో 11 మంది సంతకాలు వచ్చాయి. మిగతా ముగ్గురిలో ఇద్దరు నవంబర్ 2న దొరుకుతారు. మూడో ఆమె వద్దన్నారు. 00:32:14 నుంచి ఆమె కనిపించే నాలుగు సెకన్లలో ఫ్రేము బిగిస్తే గాజులు తొడుగుతున్న చేతులే మిగులుతాయి.