పేటెంటు క్లెయిము 1 అంశాల విభజన: నీటి పంపు మోటారు నియంత్రణ పరికరం

మూల క్లెయిము, మార్పు లేకుండా:

"నీటి పంపు మోటారును నియంత్రించే పరికరం, ఇందులో కనీసం, ఆ మోటారు తీసుకునే కరెంటును కొలిచి కొలత సంకేతం ఇచ్చే కరెంటు సెన్సరు, ఆ మోటారుకు విద్యుత్ సరఫరాను కలిపే, తెంచే రిలే, ఆ సెన్సరుకూ ఆ రిలేకూ అనుసంధానమైన నియంత్రకం ఉంటాయి, ఆ నియంత్రకం, మోటారు మొదలైనప్పటి నుంచి ఆరంభ వ్యవధి ముగిసేదాకా ఆ కొలత సంకేతాన్ని లెక్కలోకి తీసుకోకుండా, ఆ ఆరంభ వ్యవధి ముగిశాక ఆ సంకేతాన్ని ముందుగా నిల్వ చేసిన కనిష్ఠ హద్దుతో పోల్చి, ఆ సంకేతం ఆ హద్దు కన్నా తక్కువగా ఎడతెగకుండా 3 సెకన్లు ఉన్నప్పుడు ఆ రిలే ద్వారా ఆ సరఫరాను తెంచి, విశ్రాంతి వ్యవధి గడిచాక ఆ సరఫరాను తిరిగి కలిపేలా అమర్చి ఉంటుంది, ఆ విశ్రాంతి వ్యవధి, వరుసగా తెంచిన సార్లు పెరిగేకొద్దీ పెరుగుతుంది."

విభజన:

1-పీ. నీటి పంపు మోటారును నియంత్రించే పరికరం, ఇందులో కనీసం,
(పీఠిక. మోటారు మొదట కనిపించేది ఇక్కడే.)

1-అ. ఆ మోటారు తీసుకునే కరెంటును కొలిచి కొలత సంకేతం ఇచ్చే కరెంటు సెన్సరు,
(ఆధారం: 1-పీ)

1-ఆ. ఆ మోటారుకు విద్యుత్ సరఫరాను కలిపే, తెంచే రిలే,
(ఆధారం: 1-పీ)

1-ఇ. ఆ సెన్సరుకూ ఆ రిలేకూ అనుసంధానమైన నియంత్రకం ఉంటాయి,
(ఆధారం: 1-అ, 1-ఆ)

1-ఈ. ఆ నియంత్రకం, మోటారు మొదలైనప్పటి నుంచి ఆరంభ వ్యవధి ముగిసేదాకా ఆ కొలత సంకేతాన్ని లెక్కలోకి తీసుకోకుండా,
(ఆధారం: 1-పీ, 1-అ, 1-ఇ)

1-ఉ. ఆ ఆరంభ వ్యవధి ముగిశాక ఆ సంకేతాన్ని ముందుగా నిల్వ చేసిన కనిష్ఠ హద్దుతో పోల్చి,
(ఆధారం: 1-అ, 1-ఈ)

1-ఊ. ఆ సంకేతం ఆ హద్దు కన్నా తక్కువగా ఎడతెగకుండా 3 సెకన్లు ఉన్నప్పుడు
(ఆధారం: 1-అ, 1-ఉ)

1-ఋ. ఆ రిలే ద్వారా ఆ సరఫరాను తెంచి,
(ఆధారం: 1-ఆ, షరతు 1-ఊ)

1-ఎ. విశ్రాంతి వ్యవధి గడిచాక ఆ సరఫరాను తిరిగి కలిపేలా అమర్చి ఉంటుంది,
(ఆధారం: 1-ఆ, 1-ఋ)

1-ఏ. ఆ విశ్రాంతి వ్యవధి, వరుసగా తెంచిన సార్లు పెరిగేకొద్దీ పెరుగుతుంది.
(ఆధారం: 1-ఋ, 1-ఎ)

పది అంశాలనూ వరుసగా కలిపి చదివితే మూల క్లెయిము అక్షరం తప్పకుండా రావాలి. రాకపోతే తప్పు విభజనది, మూలాన్ని సవరించకండి.

చదివేవారికి కొన్ని మాటలు. క్రియ చివర రావడం వల్ల "అమర్చి ఉంటుంది" అన్నది 1-ఎలో పడింది గానీ, దాని పట్టు 1-ఈ నుంచి 1-ఎ దాకా అన్నిటి మీదా ఉంది. అలాగే 1-ఇలోని "ఉంటాయి" అన్నది 1-అ, 1-ఆలకూ వర్తిస్తుంది. 1-అను విడిగా, ఎదుటి పరికరంతో పోల్చే పట్టికలోకి తీసుకెళ్లేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. "కనీసం" అనే మాట పీఠికతోనే ఉంచాను. అదనపు భాగాలున్నంత మాత్రాన ఎదుటి పరికరం క్లెయిము బయటికి పోదని చెప్పేది అదే.

1-ఊను 1-ఋ నుంచి వేరు చేయడం మీద అభ్యంతరం రావచ్చు. రెండూ ఒకే వాక్యఖండమే. కానీ తక్కువ కరెంటు కనబడగానే సరఫరా తెంచే పరికరం ఎదురైతే, 1-ఋ ఉంటుంది, 1-ఊ ఉండదు. ఒక్క అంశం లేకపోయినా అక్షరార్థంలో ఉల్లంఘన లేదు గనుక, రెండిటినీ కలిపితే అసలు తేడా మరుగున పడుతుంది. "ఎడతెగకుండా" అన్న పదాన్నీ 3 సెకన్లనూ మాత్రం విడదీయలేదు. విడదీస్తే ఏదీ నిలవదు.

1-ఈ ఎందుకన్నది వివరణలో వెతకండి. మోటారు మొదలైనప్పుడు కరెంటు ఎక్కువగా ఉంటుంది, కాబట్టి కనిష్ఠ హద్దుకు ఆ క్షణంలో పనిలేదు. ఆ ఉరవడి తగ్గాక, పంపులోకి నీరు పూర్తిగా రాకముందు భారం తక్కువగా ఉండి, నీరు లేనట్టే కనిపించే వేళ ఒకటి ఉంటుంది. ఆరంభ వ్యవధి దాటించేది దాన్నే అని నా అంచనా. వ్యవధి ఎంతో క్లెయిము చెప్పలేదు. పట్టికలో అంకె వేయవద్దు.

1-ఏ దగ్గర ఒక లోటు ఉంది. వరుసగా తెంచిన సార్లను ఎవరు లెక్కిస్తారు? లెక్కించే భాగం ఏ అంశంలోనూ లేదు, ఆ వరుస ఎప్పుడు తెగుతుందో కూడా లేదు. అయినా కొత్త అంశం సృష్టించలేదు, క్లెయిములో లేనిదాన్ని విభజన చేర్చకూడదు. న్యాయవాది దృష్టికి తీసుకెళ్లాల్సిన ప్రశ్నగా దీన్ని ఎర్ర గుర్తుతో ఉంచాను.

క్లెయిము 2 ("క్లెయిము 1లోని పరికరం, ఆ కనిష్ఠ హద్దు, మోటారు మామూలుగా నడిచేటప్పుడు తీసుకునే కరెంటు నుంచి లెక్కించినది") పైన ఉన్న పది అంశాలనూ మోస్తూ, 2-అ అనే ఒక్కదాన్నే చేరుస్తుంది. 2-అ ఆధారం: 1-ఉ. 1-ఊను ఆధారంగా చూపవద్దు, అక్కడి హద్దు 1-ఉ నుంచి వచ్చిందే.