ఛాత్రోపాధ్యాయుల బోధనాభ్యాసంలో డిజిటల్ సాధనాల వినియోగం: సిద్ధాంత వ్యాస సారాంశం, ముగింపు

సారాంశం

డిజిటల్ బోధనా సాధనాలపై ఒక సెమిస్టర్ కోర్సు చదివిన ఛాత్రోపాధ్యాయులు, తాము నేర్చుకున్నదాన్ని బోధనాభ్యాసంలో ఏ రూపంలో వాడుతున్నారో పరిశీలించడం ఈ అధ్యయన ఉద్దేశం. షుల్మన్ 1986లో ప్రతిపాదించిన విషయ బోధనా పరిజ్ఞాన భావనను సాంకేతికతకు విస్తరిస్తూ మిశ్రా, కోహ్లర్ 2006లో రూపొందించిన టీప్యాక్ చట్రం దీనికి ఆధారం. రెండు శిక్షణ కళాశాలల్లో కోర్సుకు ముందు, తరువాత స్వీయ అంచనా ప్రశ్నావళిని రెండుసార్లూ పూర్తి చేసిన 58 మంది సమాధానాలను విశ్లేషించాం. వారిలో స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన 12 మంది బోధించిన 24 పాఠాలను పరిశీలించి, వారిని ఇంటర్వ్యూ చేశాం. కోర్సు తరువాత స్వీయ అంచనా స్కోర్లు పెరిగాయి. అయితే డిజిటల్ సాధనం వాడిన 19 పాఠాల్లో, విద్యార్థులు ఆ సాధనంతో తామే పని చేసిన లేదా దాని ఆధారంగా ఆలోచించి జవాబు చెప్పవలసి వచ్చిన పాఠాలు 7 మాత్రమే. పోల్చి చూసేందుకు కోర్సు చదవని సమూహం లేనందున స్కోర్ల పెరుగుదలకు కోర్సే కారణమని ఈ అధ్యయనం చెప్పదు. విద్యార్థుల అభ్యసన ఫలితాలను ఇందులో కొలవలేదు.

ముగింపు

డిజిటల్ సాధనాలను బోధనలో వాడగలమన్న నమ్మకం కోర్సు చివరికి ఈ ఛాత్రోపాధ్యాయుల్లో బలపడిందని ప్రశ్నావళి సూచిస్తున్నది. ఆ నమ్మకం నైపుణ్యంగా మారిందా అన్నది వేరే ప్రశ్న. ఒకే వ్యక్తి తనను తాను రెండుసార్లు అంచనా వేసుకున్నప్పుడు, మధ్యలో బోధనాభ్యాసం కూడా జరిగినప్పుడు, స్కోరులో వచ్చిన మార్పును కోర్సుకో, తరగతి గది అనుభవానికో, ప్రశ్నలు ముందే పరిచయమై ఉండటానికో విడివిడిగా ఆపాదించే వీలు లేదు.

మా దృష్టిలో ఈ అధ్యయనంలో ఎక్కువ విలువైనది పాఠాల పరిశీలన. ఓమ్ నియమంపై ఇద్దరు ఛాత్రోపాధ్యాయులు ఒకే కంప్యూటర్ అనుకరణను ప్రొజెక్టర్‌పై చూపారు. మొదటి వ్యక్తి వోల్టేజిని పెంచుతూ, విద్యుత్ ప్రవాహం పెరగడాన్ని చూపించి, సూత్రాన్ని బల్లపై రాశారు. రెండవ వ్యక్తి వోల్టేజిని రెట్టింపు చేసే ముందు ఆగి, రీడింగు ఎంత వస్తుందో నోటుపుస్తకంలో రాయమన్నారు. ఆ తరువాతే తెరపై అంకెను మార్చి, తప్పిన ఊహలను తరగతిలో చర్చకు పెట్టారు. సాధనం ఒకటే, పాఠ్య ప్రణాళికలో ఇద్దరూ రాసుకున్న వాక్యం దాదాపు ఒకటే, ప్రశ్నావళిలో ఇద్దరి స్కోర్లూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. తేడా బోధనా నిర్ణయంలో ఉంది, దాన్ని మా ప్రశ్నావళి పట్టుకోలేకపోయింది. సాంకేతిక పరిజ్ఞానం, విషయ పరిజ్ఞానం, బోధనా పరిజ్ఞానం కలిసే చోటును టీప్యాక్ చట్రం ప్రధానంగా చూస్తుంది. ఆ కలయికను స్వీయ అంచనాతో మాత్రమే కొలవడం చాలదన్న వాదనకు ఈ ఉదాహరణ కొంత బలం ఇస్తుంది. రెండు పాఠాల నుంచి అంతకు మించి చెప్పడం సరికాదు. రెండవ వ్యక్తి బోధించిన తరగతిలోని విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారని కూడా మేము అనడం లేదు, ఎందుకంటే ఆ విషయాన్ని పరీక్షించలేదు.

పరిశీలనకు ముందుకు వచ్చిన 12 మంది సాంకేతికత పట్ల మొదటి నుంచీ సుముఖంగా ఉన్నవారు కావచ్చు. పరిశీలకులు వస్తున్నారని తెలిసి ఆ రోజు పాఠంలో సాధనాన్ని ప్రత్యేకంగా చేర్చి ఉండవచ్చు కూడా. కాబట్టి 24లో 19 అన్న సంఖ్యను రోజువారీ వినియోగానికి కొలమానంగా తీసుకోరాదు. అసలు వినియోగం ఇంతకంటే తక్కువగా ఉండే అవకాశమే ఎక్కువని భావిస్తున్నాం. రెండు కళాశాలలూ పరిశోధకులకు అందుబాటులో ఉన్నందున ఎంచుకున్నవి. ఈ ఫలితాలు ఇతర కళాశాలలకు వర్తిస్తాయో లేదో అక్కడి పరిస్థితులను చూసి పాఠకులే నిర్ణయించుకోవాలి.

ఇంటర్వ్యూలలో పరికరాల కొరత ప్రస్తావన వచ్చినా, ఎక్కువమంది చెప్పిన ఇబ్బంది సమయం. పీరియడ్ ముగిసేలోగా పాఠ్యాంశం పూర్తి చేయాలన్న ఒత్తిడిలో ముందుగా వదిలేసేది విద్యార్థులను ఆలోచింపజేసే ప్రశ్ననేనని పలువురు చెప్పారు. ఇది వారు ఇచ్చిన వివరణ. పాఠాలలో సమయ విభజనను మేము విడిగా నమోదు చేయలేదు.

ఈ ఆధారాలతో మేము చేయగలిగిన సూచన పరిమితమైనది. సాధనాన్ని నడపడం నేర్పే సూక్ష్మబోధన అభ్యాసాలలో, దాన్ని చూపే ముందు విద్యార్థులను ఏమి అడగాలన్న దానికీ కొంత సమయం కేటాయించి చూడవచ్చు. దాని ప్రభావం తెలియాలంటే కోర్సు చదవని సమూహంతో పోలిక, విద్యార్థుల అభ్యసనానికి ముందూ తరువాతా కొలత, ఉద్యోగంలో చేరాక మొదటి సంవత్సరంలో పునఃపరిశీలన అవసరం.