ఫోన్ సెల్‌తో డ్రోన్ ఎందుకు ఎగరదు?

నాలుగు ఫోన్ సెల్స్ సిరీస్‌లో కలిపితే వోల్టేజ్ సరిపోతుంది, కెపాసిటీ కూడా డ్రోన్ ప్యాక్ కంటే ఎక్కువే, మరి ఎందుకు ఎగరదు అన్నావు కదా తమ్ముడూ, మంచి డౌటే, లెక్కేసి చూద్దాం.

ఎనర్జీ డెన్సిటీ అంటే కిలో బరువుకి ఎన్ని వాట్-అవర్లు పడతాయి అని. పవర్ డెన్సిటీ అంటే అదే కిలో బరువు ఒక్కసారిగా ఎన్ని వాట్లు ఇవ్వగలదు అని. ఒకటి ఎంత ఉంది, ఇంకోటి ఎంత స్పీడ్‌గా బయటికొస్తుంది, అంతే.

5000 ఎంఏహెచ్ ఫోన్ సెల్ తీసుకో, 3.85 వోల్టులు, అంటే సుమారు 19 వాట్-అవర్లు, బరువు ఓ 70 గ్రాములు. కిలోకి 270 దాకా వస్తుంది. రేసింగ్ డ్రోన్‌లో వాడే 4ఎస్, అంటే నాలుగు సెల్స్ సిరీస్‌లో ఉన్న, 1500 ఎంఏహెచ్ లైపో, అదే లిథియం పాలిమర్ ప్యాక్ అయితే 22 వాట్-అవర్లు, బరువు మాత్రం 180 గ్రాముల దగ్గర, కిలోకి 120 అంతే. సగం కూడా లేదు! కానీ ఫుల్ థ్రాటిల్‌లో అదే ప్యాక్ 80 యాంప్స్ ఇస్తుంది, అంటే వెయ్యి వాట్ల పైమాటే, కిలోకి దాదాపు 6000 వాట్లు. అలాగే పట్టుకుని ఉంటే నిమిషం దాటగానే ఖాళీ అయిపోతుందనుకో, అది వేరే సంగతి.

ఇప్పుడు నీ నాలుగు ఫోన్ సెల్స్ సంగతి. ఫోన్ సెల్ ఇంటర్నల్ రెసిస్టెన్స్ 50 మిల్లీఓమ్స్ అనుకుందాం, 80 యాంప్స్ లాగితే లోపలే 4 వోల్టులు డ్రాప్ అవ్వాలి, సెల్ దగ్గర ఉన్నదే 3.85! అంటే అంత కరెంట్ అసలు రానే రాదు, రాబట్టాలని చూస్తే వేడెక్కి ఉబ్బుతుంది, దయచేసి ట్రై చేయకు. డ్రోన్ సెల్‌కి 4 మిల్లీఓమ్స్ వేసుకుంటే డ్రాప్ 0.32 వోల్టులే.

ఈ తేడా ఎక్కడిదంటే లోపలి పూతలో ఉంది. ఫోన్ సెల్‌లో రేకు మీద యాక్టివ్ మెటీరియల్ మందంగా పూస్తారు, ఎక్కువ లిథియం పడుతుంది కానీ అయాన్లు లోతు దాకా వెళ్లి రావడానికి టైం పడుతుంది. డ్రోన్ సెల్‌లో పూత పల్చగా, రేకు పొరలు ఎక్కువగా, ట్యాబ్‌లు వెడల్పుగా ఉంటాయి. ఆ రేకుల్లోని రాగి, అల్యూమినియం ఎనర్జీ దాచవు, బరువు మాత్రం పెంచుతాయి, అందుకే ఒకటి కావాలంటే రెండోది కొంత వదులుకోవాల్సిందే.

పాత ఫోన్ 15 శాతం చూపిస్తూనే కెమెరా ఓపెన్ చేయగానే ఆఫ్ అవుతుంది చూడు, అదీ ఇదే. ఎనర్జీ ఉంది, రెసిస్టెన్స్ పెరిగి పవర్ ఇవ్వలేకపోతోంది. చలిలో కూడా అంతే.

మరీ ఎక్కువసేపు ఎగరాలనుకునేవాళ్లు 21700 సైజు లిథియం అయాన్ సెల్స్‌తో ప్యాక్ కట్టుకుంటారు, మెల్లగా క్రూజ్ చేస్తే బాగా వస్తుంది, ఫ్లిప్పులు గట్రా మాత్రం కొట్టకూడదు. ఇంకోటి, లైపో లేబుల్ మీద 100సీ, 150సీ అని, అంటే కెపాసిటీకి 100, 150 రెట్లు కరెంట్ ఇస్తుందని రాసుంటే అలాగే నమ్మేయకు, చాలావాటికి అది మార్కెటింగే, సెల్ రెసిస్టెన్స్ చూపించే ఛార్జర్ ఉంటే కొలిచి చూసుకో.