అరిసెల కొలతల కోసం అమ్మకు ఉత్తరం

మెల్‌బోర్న్
డిసెంబర్ 18

అమ్మా,

ఈ ఉత్తరం శీనన్నయ్య చేతికిచ్చి పంపిస్తున్నాను. రోజూ వీడియోలో మాట్లాడుకుంటూ ఈ కాగితాలేంటే అని నవ్వకు. ఫోన్లో అరిసెల సంగతి ఎత్తితే నువ్వు బియ్యం నానబెట్టే దగ్గర మొదలుపెట్టి పాకం దాకా వస్తావు, ఈలోగా బుజ్జిది తెర మీదకొచ్చేస్తుంది, ఇక నీకు పాకమూ గుర్తుండదు, నేనూ గుర్తుండను. కాగితమైతే పోపుల డబ్బాకి ఆనించి పెట్టుకుని చేస్తున్నంతసేపూ చూసుకోవచ్చు.

నీ మనవరాలు సోఫా వదిలేసిందమ్మా. చేతులు గాల్లో పెట్టి నిలబడుతుంది, మేం చూస్తున్నామో లేదో ఓ కంట కనిపెట్టుకుంటుంది, దబ్బున కూర్చుంటుంది. జనవరి నెలాఖరులోపు అడుగులేసేస్తుందని మీ అల్లుడి నమ్మకం. బోర్లా పడ్డప్పుడు బొబ్బట్లు ఎలాగో గట్టెక్కించాను. పూర్ణమే కదా, తీపి తక్కువైతే ఇంకాస్త బెల్లం పడేయొచ్చు. అడుగులకు అరిసెలంటే అలా కుదరదు. పాకం ముదిరాక చేసేదేం లేదు. ఇక్కడి మనవాళ్ల కొట్లో ప్లాస్టిక్ డబ్బాల్లో దొరుకుతాయి, తెలుసు. కానీ కొన్న అరిసెల మీద పిల్ల చేత అడుగులేయించానని తెలిస్తే అమ్మమ్మ ఫోటోలోంచి దిగొచ్చి మరీ తిడుతుంది. నాక్కావలసింది అమ్మమ్మ అరిసే. మధ్యలో వేలు పెడితే మెత్తగా దిగాలి, అంచు కొంచెం కరకరమనాలి, వారం దాటాక కూడా రాయి కాకూడదు.

నువ్వెలాగూ పండక్కి పాకం పడతావు. ఆ రోజే ఈ కొలతలన్నీ తీసి పంపించు. అందుకే శీనన్నయ్య సంచిలో ఒక చిన్న తూకం మిషను, కప్పుల సెట్టు, పొడుగు పుల్లలాంటి థర్మామీటరు పెట్టాను.

నువ్వేమంటావో తెలుసు. "పిండి తడి చూసుకో, పాకం ఉండ కట్టాలి, పిండి పట్టినంత పొయ్యి." అన్నీ నిజాలే. ఆ పట్టినంత ఎంతో నీ చేతికి తెలుసు, నాకు తెలియదు. తెలిసే వీలెక్కడిది, ఇరవై ఏళ్లొచ్చినా నన్ను నువ్వులు అద్దడానికే కూర్చోబెట్టావు, పాకం గరిట ఒక్కనాడు చేతికిచ్చావా? నిష్ఠూరం కాదులే. యూట్యూబులో చూద్దామంటే ఒకావిడ రెండు కప్పుల పిండికి కప్పు బెల్లం అంటుంది, ఇంకొకావిడ ముప్పావు చాలంటుంది. ఏ కప్పో, పిండి నొక్కి కొలిచారో వదులుగా పోశారో ఇద్దరూ చెప్పరు. తడిపిండి నొక్కితే ఒక లెక్క, నొక్కకపోతే ఒక లెక్క. అందుకే నాకు ముందు గ్రాములు కావాలి.

నీ పద్ధతేమీ మార్చకు. కొలత కోసం ఒక్క గరిటెడు కూడా ఎక్కువా తక్కువా వేయకు. నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి, చేసేముందు ఒకసారి తూచు, చేశాక మిగిలింది తూచు. మధ్యలో ఎంత పట్టిందో నేను తీసివేసుకుంటాను. కూడికలూ తీసివేతలూ నావి, అంకెలు రాసిపెట్టడం వదినది. తనకి ముందే చెప్పాను.

మిషను వాడటం సులువే. ఖాళీ గిన్నె మీద పెట్టి TARE అని రాసున్న మీట నొక్కు, సున్నా వస్తుంది. తర్వాత గిన్నెలో ఏది పోస్తే దాని బరువే చూపిస్తుంది. అంకె పక్కన g అని ఉందో లేదో మాత్రం చూసుకోమను వదినని. ఐదు కిలోల వరకే తూగుతుంది, ఇత్తడి గుండిగ ఎక్కించకండి.

అన్నిటికంటే ముందు మన సోల సంగతి. అమ్మమ్మ సోల ఊళ్లో మిగతావాళ్ల సోలకంటే కొంచెం పెద్దదని పెద్దమ్మ అనేది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని నాకూ వచ్చు గానీ, ఆ సోలే ఎంతో తెలియకపోతే పైనున్న లెక్కంతా వృథా. ఖాళీ సోలని మిషను మీద పెట్టి, సున్నా చేసి, అంచు దాకా నీళ్లు పొయ్యి. నీళ్లు ఎన్ని గ్రాములుంటే సోల అన్ని మిల్లీలీటర్లు. గిద్దకీ అలాగే. ఈ ఒక్క పని చేస్తే అమ్మమ్మ నోటి లెక్కలన్నీ, సున్నుండలూ జంతికలతో సహా, నేను ఇక్కడ కూర్చుని మార్చేసుకుంటాను.

ఇక బియ్యం. నానబెట్టేముందు పొడి బియ్యం బరువు, మర్నాడు నీళ్లు వంచి గుడ్డ మీద ఆరబోసి ఎత్తేటప్పటి బరువు, రెండూ కావాలి. రెండిటికీ ఉన్న తేడాయే తడి. నాకు ఇది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ జనవరంటే నడివేసవి. ఉత్తరం గాలి తిరిగిన రోజు నలభై డిగ్రీలు దాటిపోతుంది, ఆరేసిన బట్టలు అటు తిరిగి ఇటు తిరిగేలోపు అప్పడాలవుతాయి. మనూళ్లో సంక్రాంతి మంచులో గంట ఆరబెట్టిన బియ్యం, ఇక్కడ పది నిమిషాల్లోనే అంత ఆరుతుందేమో. గంటలు చెప్తే నాకు పనికిరాదు, బరువు చెప్తే అక్కడికి రాగానే ఎత్తేస్తాను. అన్నట్టు బియ్యం ఏవి వాడాలి? నువ్వు లావు బియ్యమే మంచివంటావు. ఇక్కడ సోనా మసూరి దొరుకుతుంది, బాస్మతి దొరుకుతుంది, ఈ దేశంలోనే పండే పొట్టి గింజ బియ్యం కూడా ఉన్నాయి, వండితే కాస్త జిగురుగా ఉంటాయి. నాకైతే ఆ పొట్టివే దగ్గరనిపిస్తోంది. ఏమంటావు?

పిండి మరలో ఆడించాక జల్లించేసి, గుడ్డ కప్పి నొక్కిపెడతావు కదా. ఆ పిండి మొత్తం బరువు ఒకసారి రాయించు. తర్వాత నేను పంపిన పెద్ద కప్పులో వదులుగా పోసి, చాకు వెనకవైపుతో పైన సమం చేసి, ఆ కప్పు పిండి ఎన్ని గ్రాములో చూడు. మళ్లీ నొక్కి నింపి ఇంకోసారి. జల్లెడ పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీయమను, కన్నం ఎంతుందో తెలుస్తుంది. నాకిక్కడ మిక్సీయే గతి.

కప్పు అంటే నువ్వు టీ కప్పు తీస్తావేమోనని భయం, అందుకే పంపించాను. ఇక్కడి కప్పు 250 మిల్లీలీటర్లు, అమెరికాలో సుమారు 240 అనుకుంటారు. పెద్ద చెంచా అయితే మరీ చిత్రం, అమెరికాలో 15 మిల్లీలీటర్లు, ఇక్కడ 20. మనం రాసింది డల్లాస్ లో ఉన్న చెల్లి తప్పకుండా అడుగుతుంది, దానికి నేను వేరేగా రాసిస్తాను. నువ్వు మాత్రం సెట్టులో ఉన్న కప్పు, చెంచాలతోనే కొలువు.

బెల్లం తరిగాక తూచు, దిమ్మగా ఉన్నప్పుడు కాదు. నీళ్లు నువ్వు "మునిగీ మునగనట్టు" పోస్తావు, అదే పొయ్యి, కాకపోతే చెంబుని పోసేముందూ పోశాకా మిషను మీద పెట్టు. బెల్లం కరిగాక వడకడితే ఇసుక, నలుసులు ఎంత పోతాయో వదిలెయ్, అంత లెక్క అక్కర్లేదు. ఇక్కడ దొరికేది మనింట్లో వాడే బెల్లంలా ముదురు రంగులో ఉండదు, లేత పసుపుగా ఉంటుంది. పాకం రంగు చూసి పోల్చుకునే దారి నాకు లేదన్నమాట.

అందుకే థర్మామీటరు. పళ్లెంలో నీళ్లు పోసుకుని చుక్క వేసి, వేలితో దగ్గరికి తీసి, "ఆ... ఇక చాలు" అంటావు చూడు, సరిగ్గా ఆ క్షణానికి దాని మీద ఎంతుందో వదిన చూడాలి. దాని మొన పాకంలో మునగాలి, గిన్నె అడుగుకి తగలకూడదు. ఇక్కడి మిఠాయి పుస్తకాల్లో పంచదార పాకం మెత్తటి ఉండ కట్టేది 112 నుంచి 116 డిగ్రీల మధ్యని రాస్తారు. మనది బెల్లం, పైగా అమ్మమ్మ "ఉండ జారాలి, పళ్లేనికి తగిలితే టంగుమనకూడదు" అనేది, కాబట్టి ఇంకాస్త కిందే ఉంటుందేమో చూద్దాం. పాలకొల్లూ మెల్‌బోర్నూ రెండూ సముద్రానికి దగ్గరున్నవే, నీళ్లు రెండు చోట్లా ఒకే వేడికి మరుగుతాయి. నీకొచ్చిన అంకె నాకు అచ్చంగా పనికొస్తుంది.

పిండి పోసే దగ్గర నీకేం అడ్డురాను. తూచిన పిండి బేసిన్లో పెట్టుకుని నాన్న గరిటతో తిప్పుతుంటే నువ్వు చల్లుకుంటూ పో. ఆపాక బేసిన్లో మిగిలింది తూచు. నెయ్యి, నువ్వులు, గసగసాలు, యాలకుల పొడి కూడా డబ్బాతో సహా ముందూ వెనకా తూస్తే సరిపోతుంది. యాలకులు మరీ తక్కువ తూగుతాయి, చెంచాతో చెప్పినా ఫర్వాలేదు.

చలిమిడి అయ్యాక ఒక్కో ఉండ ఎన్ని గ్రాములు చేస్తున్నావో నాలుగైదు తూచి చెప్పు. నూనె కాగాక మొదటి అరిసె వేసేముందు థర్మామీటరు కడిగి, తుడిచి అందులోనూ పెట్టు. తడి ఉంటే చిట్లుతుంది, జాగ్రత్త. నొక్కే చెక్కలు నా దగ్గర లేవు, రెండు చిల్లుల గరిటెలు పెట్టి నొక్కుతాను. గట్టిగా నొక్కాలా, నూనె కారేవరకు చాలా? ఇది తూచడానికి కుదరదు, వీడియో తీయించు. ఎన్ని అరిసెలు అయ్యాయో లెక్కపెట్టండి. వీధందరికీ పంచడానికి నువ్వు చేసే కుంచం లెక్కని నా చిన్న మూకుడుకి నేను కుదించుకుంటాను, నువ్వు భాగహారాలు పెట్టుకోకు.

ఇంకొకటి. అత్తయ్యగారింట్లో అరిసెలు పళ్లెంలో పరిచి పిల్ల చేత దాని మీద నడిపిస్తారట. మనింట్లో నేల మీద వరసగా పెట్టినట్టు నాకు గుర్తు, అన్నయ్య కొడుక్కి చేసినప్పుడు. ఎన్ని పెట్టాలి, ముందు కుడికాలేనా, తొక్కినవి ఎవరికివ్వాలి? అవి అంకెలు కాకపోయినా చివర రాయించు.

బుజ్జిది మాట వింటే సంక్రాంతి దాకా ఆగుతుంది. వినకపోతే నీ కాగితం అందాకే అడుగులేసినట్టు లెక్క వేసుకుందాం, నీ మనవరాలేమీ తారీఖు రాసుకోదు.

ఉంటాను. నాన్న మోకాలికి రాసే నూనె కూడా సంచిలో అడుగున ఉంది.

నీ
పద్మ

తా.క. మిషను బ్యాటరీలు డబ్బాలోనే ఉన్నాయి. నాన్న వాటిని టీవీ రిమోట్లో వేసేసుకోకుండా చూడు.