మా సందులో చెత్త తీయడం లేదని ఫిర్యాదు

కర్నూలు,
14 జులై 2025.

మున్సిపల్ కమిషనర్ గారికి,
నగరపాలక సంస్థ కార్యాలయం.

విషయం: పాత నగరం, వేపచెట్టు సందులో ఇంటింటి చెత్త సేకరణ ఆగిపోవడం గురించి.

ఆర్యా,

జూన్ మొదటి వారం నుంచి మా సందులోకి చెత్త తీసుకునే మనిషి రావడం లేదు. అంతకుముందు రోజూ పొద్దున్నే ఒక కార్మికురాలు తోపుడు బండితో వచ్చి, ఈల ఊది, ప్రతి గుమ్మం దగ్గరా తడి చెత్త, పొడి చెత్త వేరువేరుగా తీసుకునేవారు. ఆమెను వేరే చోటికి మార్చారని, ఇకపై ఆటో వస్తుందని చెప్పారు. ఆటో వస్తోంది, కాదనడం లేదు. అయితే మా సందు వెడల్పు ఆరడుగులు. రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి వెళ్లాల్సిందే. ఆటో పెద్ద వీధిలోనే కాసేపు ఆగి, పాట వినిపించి వెళ్లిపోతుంది. చివరి ఇళ్లలోని వృద్ధులు బుట్ట పట్టుకుని మలుపు తిరిగేసరికి ఆ పాట పక్క వీధిలో వినబడుతూ ఉంటుంది.

దాంతో చెత్తంతా సందు మొదట్లో, ట్రాన్స్‌ఫార్మర్ కింద చేరుతోంది. అక్కడ వేయవద్దని మేమే ఇంటింటికీ చెప్పి చూశాం. కుళ్లిన కూరగాయలను, పిల్లల డైపర్లను ఈ ఉక్కలో ఎన్నాళ్లు ఇంట్లో దాచుకుంటారు? ఆవులు అన్నంతో పాటు ప్లాస్టిక్ కవర్లు మింగుతున్నాయి. పందులు మిగిలినదాన్ని దారి పొడవునా ఈడుస్తున్నాయి. మొన్న రాత్రి ఎవరో ఆ కుప్పకు నిప్పు పెట్టారు. చెత్తను వీధిలో కాల్చకూడదని 2016 ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు చెబుతున్నాయి. ఇక్కడైతే పైన విద్యుత్ తీగలు కూడా ఉన్నాయి. ఇంటింటికీ వెళ్లి చెత్త సేకరించే బాధ్యతను స్థానిక సంస్థలపై పెట్టినవీ ఆ నియమాలే.

కుప్ప పక్కనే మురుగు కాలువ, దాన్ని ఆనుకునే మంచినీటి వాల్వు ఉన్నాయి. కాలువ కవర్లతో పూడిపోయి, చిన్న వానకే నీళ్లు గడపల వరకు వస్తున్నాయి. 2009 అక్టోబరు వరదలో ఇళ్లు మునిగినవాళ్లం, నీళ్లు నిలిస్తే మాకు నిద్ర పట్టదు.

వార్డు సచివాలయంలో చెప్పాం. పారిశుద్ధ్య కార్యదర్శి వచ్చి ఫోటోలు తీసుకున్నారు. మర్నాడు ట్రాక్టర్ వచ్చి పైపై చెత్త ఎత్తుకుపోయింది. వారం తిరక్కముందే కుప్ప మళ్లీ పెరిగింది. అందుకే కుప్ప తీయించండి అని మాత్రమే అడగడం లేదు. మా సందుకు తోపుడు బండి మళ్లీ వేయించండి. బండి గుమ్మం దాకా వస్తే కుప్ప వేసే అవసరమే ఉండదు. పాత నగరంలో ఆటో దూరని సందులు ఇంకా ఉన్నాయి, వాటి సంగతీ చూడగలరు. ఈలోగా కాలువలో పూడిక తీయించి, బ్లీచింగ్ చల్లించమని మనవి.

సందులోని 23 ఇళ్లవారి సంతకాలు, ఫోను నంబర్లు, కుప్ప ఫోటోలు జతపరిచాం. తనిఖీకి ఎవరినైనా పంపితే ఉదయం ఏడు గంటలకు, ఆటో వచ్చే వేళకు పంపండి.

ఇట్లు,
కె. లక్ష్మీదేవి,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
వేపచెట్టు సందు నివాసుల తరఫున.

నకలు: ప్రజారోగ్య విభాగం అధికారి గారికి.