పిన్నీ, మన పూతరేకుల దసరా వీడియో కూర్పు: 28 సెకన్లు

పిన్నీ, నువ్వు పంపిన 14 క్లిప్పులూ చూశాను. కొత్తగా ఏదీ తీయక్కర్లేదు, ఉన్నవాటితోనే అయిపోతుంది. కాకపోతే 7, 11 నంబర్లవి మాత్రం మళ్ళీ పంపు. వాట్సాప్‌లో మామూలు వీడియోలా పంపితే నలిగిపోయి వస్తాయి. పిన్ను గుర్తు నొక్కి, డాక్యుమెంట్ అని ఎంచుకుని పంపితే నీ ఫోన్‌లో ఉన్నట్టే వస్తాయి.

దుకాణం బోర్డుతో మొదలుపెట్టమన్నావు. పెట్టను. వాట్సాప్ స్టేటస్ చూసేవాళ్ళు బొటనవేలు స్క్రీను మీద పెట్టుకునే ఉంటారు, బోర్డు కనపడగానే తర్వాతిదానికి పోతారు. కుండ మీంచి రేకు లేచే ఆ ఒక్క క్షణం చాలు వాళ్ళని ఆపడానికి. బోర్డు చివర్లో వస్తుంది.

వరస ఇదీ:

0–4 సెకన్లు. క్లిప్ 7, 12వ సెకను నుంచి. పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ బోర్లించిన కుండ మీద జారడం, రేకు లేవడం. ఇక్కడ ఎవరూ మాట్లాడరు. వేడి కుండ మీద తడి గుడ్డ "చుయ్" మంటుంది చూడు, ఆ చప్పుడే ఉంచుతాను. దాని మీద పాట వేస్తే చంపేసినట్టే. స్క్రీను మీద అక్షరాలు: "కాగితమా? బియ్యమా?"

4–8. క్లిప్ 3. కిటికీ వెలుగుకి రేకు పట్టుకున్నావు, వెనకాల నీ వేళ్ళు కనపడుతున్నాయి. నీ గొంతు: "జయ బియ్యం రుబ్బి తీసిన రేకండీ ఇది. చూడండి, ఎంత పల్చనో."

8–15. క్లిప్ 11, నెయ్యి రాయడం, బెల్లం పొడి చల్లడం. దీనికే ఎక్కువ సమయం ఇచ్చాను, నోరూరేది ఇక్కడే. అడ్డంగా తీశారు కాబట్టి నిలువుకి కత్తిరిస్తే పక్కనున్న పళ్ళెం పోతుంది, నీ చెయ్యి మిగులుతుంది. అదే మంచిది. గొంతు: "రేకు రేకుకీ నెయ్యి రాస్తాం. పైన పంచదార పొడి కావాలా, బెల్లం కావాలా, మీరే చెప్పండి."

15–18. క్లిప్ 2, మడత పెట్టడం. రెండింతల వేగం. వెనకాల టీవీలో సినిమా పాట వినపడుతోంది, అది ఉంటే ఇన్‌స్టాలో మొత్తం శబ్దం తీసేసే ప్రమాదం ఉంది. దీని ధ్వని ఆపేశాను.

18–21. క్లిప్ 9. బాబాయ్ కొరకడం, చొక్కా మీద పొడి రాలడం, నువ్వు నవ్వడం. తీసెయ్యమని బాబాయ్ అంటాడు, ఒప్పుకోకు.

21–24. క్లిప్ 5, మూత తీసిన పెట్టె. అక్షరాలు: "10 పూతరేకులు. పంచదార ₹150. బెల్లం ₹180. జీడిపప్పు, బాదం వేసినవి ₹250." నోటితో ధరలు చదవొద్దు, కళ్ళు చదువుకుంటాయి.

24–28. క్లిప్ 14. గల్లా దగ్గర నువ్వు, నీ వెనక బోర్డు. గొంతు: "దసరాకి కావాలంటే ఈ స్టేటస్‌కే రిప్లై పెట్టండి. ఏ రకం, ఎన్ని పెట్టెలు, అంతే." అక్షరాలు: "ఆర్డర్లు ఆదివారం సాయంత్రం 6 వరకే. హైదరాబాద్‌కి ఆర్టీసీ కార్గోలో పంపుతాం."

ఫోన్ నంబరు కావాలనే వేయలేదు. వీడియోలో ఉన్న నంబరు నొక్కితే కాల్ పోదు, చూసినవాళ్ళు రాసుకోవడానికి కాగితం వెతుక్కోవాలి. రిప్లై అయితే ఒక్క వేలు పని, నీకూ ఎవరు ఏమడిగారో రాతలో ఉంటుంది. ఇన్‌స్టాలో పెట్టేదానికి ఈ చివరి నాలుగు సెకన్లే మారుస్తాను: "మెసేజ్ చెయ్యండి" అని ఇంకోసారి చెప్పి పంపు.

రెండు మాటలు నువ్వు రాసిచ్చినవి తీసేశాను. "ఈ పొద్దున తీసినవి" అన్నావు, క్లిప్పులు పోయినవారంవి. ఆదివారం దాకా ఆ వీడియో తిరుగుతుంది, ఒట్టి అబద్ధమవుతుంది. ఇంకోటి జీఐ గుర్తింపు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో వచ్చిందన్నది నిజమే, కానీ ఆ ముద్ర వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా మనం విడిగా నమోదు చేసుకోవాలి. అది చేయించాక పెద్ద అక్షరాల్లో వేద్దాం.

క్లిప్ 8లో పూతరేకు తింటున్న పాప ఎవరు? చాలా బాగుంది కానీ వాళ్ళమ్మని అడగకుండా పెట్టను.

ఇక గొంతు రికార్డు. ఫ్యాను ఆపి, తలుపు వేసి, ఫోన్ గడ్డానికి జానెడు దూరంలో పట్టుకుని, మూడు ముక్కలూ విడివిడిగా చెప్పు. చదివినట్టు కాదు, కొట్టుకి వచ్చిన వదినకి చెప్పినట్టు చెప్పు. తడబడితే ఆపకు, మళ్ళీ మొదట్నించి అను, మంచిది నేను ఏరుకుంటాను. ఈ రాత్రి పంపితే రేపు పొద్దున ఎనిమిదింటికల్లా వీడియో నీ ఫోన్‌లో ఉంటుంది. ముందు బాబాయ్‌కి చూపించకు, స్టేటస్ పెట్టేశాక చూపించు.